బ్యాంకు డిమాండు నోటీసు ఫొటో నుంచి తేట తెలుగు సారాంశం రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి రుణం కిస్తీలు మూడు నెలలు ఆగిపోతే బ్యాంకు నుంచి మూడు నాలుగు పేజీల ఇంగ్లీషు నోటీసు రావచ్చు. సర్ఫేసీ అని పిలిచే 2002 నాటి చట్టంలో సెక్షన్ 13(2) కింద ఇచ్చే డిమాండు నోటీసు అది. చాలా ఇళ్లలో దాన్ని చదవగలిగేది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకో కూతురో. అమ్మానాన్నలు ఫొటో తీసి పంపుతారు, పిల్లలు నాలుగు ముక్కలు తెలుగులో రాసి తిప్పి పంపుతారు. ఆ నాలుగు ముక్కల్లో ఒక తేదీ తప్పినా, ఒక షరతు జారిపోయినా దెబ్బ ఇంటి మీదే పడుతుంది. ఈ పని చేసేవాళ్లు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. లెక్కలు చూపడానికి వాడిన నోటీసు ఉదాహరణ కోసం కట్టినది. చట్టం చెప్పే గడువులు మాత్రం అసలువే.

## ఫొటో తీసేటప్పుడు

మొదటి పేజీ ఫొటో ఉంది, అది చాలదా?

చాలదు. మొదటి పేజీలో ఉండేవి చిరునామాలు, రుణం కథ. ఎంత కట్టాలో సాధారణంగా రెండో పేజీలో వస్తుంది. ఏ ఆస్తి మీదికి వస్తున్నారో చెప్పే షెడ్యూలు, అంటే ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు, చివరి పేజీలో ఉంటుంది. ఆస్తి అమ్మకూడదన్న షరతు సంతకానికి కాస్త పైన, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకని ప్రతి పేజీ, వెనకవైపు ఖాళీగా కనపడినా సరే, తీయమనండి. పేజీ నాలుగు అంచులూ ఫొటోలో కనపడాలి. అడుగున "2/4" లాంటి అంకె ఉంటే అది తెగిపోకూడదు, ఎన్ని పేజీలు రావాలో తెలిసేది దానివల్లే.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో అంకెలు మసగ్గా ఉన్నాయి. ఏం చేయమనాలి?

మామూలుగా ఫొటోలా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. అదే ఫొటోను డాక్యుమెంటుగా జతచేసి పంపమంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఇక తీసే పద్ధతి: కాగితాన్ని మంచం మీద కాకుండా గచ్చు మీద పరిచి, మడతలు చేత్తో సాపు చేసి, పగటి వెలుతురులో నిటారుగా పైనుంచి తీయాలి. ట్యూబులైటు కింద తీస్తే తీసేవాళ్ల నీడే కాగితం మీద పడుతుంది. కాగితం మూడు మడతలుగా కవర్లో వస్తుంది కాబట్టి ఏదో ఒక మడత అంకెల మీదుగా పోతుంది. అధికారి రబ్బరు స్టాంపు కూడా చాలాసార్లు సంతకం పక్కన ఉన్న తేదీ మీదే పడుతుంది. ఆ రెండు చోట్లా దగ్గర నుంచి ఇంకో ఫొటో అడగండి.

కవరు కూడా ఫొటో తీయాలా?

తప్పకుండా. నోటీసు మీద ఉండేది బ్యాంకు వేసుకున్న తేదీ. అది ఎప్పుడు పోస్టయిందో, ఇంటికి ఎప్పుడు వచ్చిందో చెప్పేది కవరు మాత్రమే. పోస్టాఫీసు ముద్ర, బార్‌కోడు కింద ఉండే నంబరు కనపడేలా తీయమనండి. ఆ నంబరుతో తపాలా శాఖ వెబ్‌సైటులో చూస్తే బట్వాడా అయిన రోజు తెలుస్తుంది. ఆ పేజీ స్క్రీన్‌షాట్ వెంటనే దాచుకోండి. కవరు తలుపు సందులో దొరికినా, పక్కింటివాళ్లు తీసుకుని ఇచ్చినా ఆ సంగతి కూడా రాసి పెట్టుకోండి.

ఖాతా నంబరు, సంతకాలు అన్నీ కనపడుతున్నాయి. ఎవరికైనా పంపొచ్చా?

ఇంట్లో చదివి పెట్టేవాళ్లకు, లాయరుకు ఉన్నది ఉన్నట్టు పంపాలి. వాళ్లకు ఖాతా నంబరు కావాలి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టవద్దు. అందులో అప్పు మొత్తం, ఇంటి హద్దులు, ష్యూరిటీ పెట్టినవాళ్ల చిరునామా దాకా ఉంటాయి. "వేలం ఆపిస్తాం, లోను సెటిల్ చేయిస్తాం" అంటూ డబ్బు గుంజేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? పరాయివాళ్లను ఏదైనా అడగాల్సి వస్తే ఆ ఒక్క పేరా మాత్రం కత్తిరించి పంపండి.

## ఫొటోను అక్షరాలుగా మార్చేటప్పుడు

ఫోనే ఫొటోలోంచి అక్షరాలు తీసిస్తోంది కదా, మళ్ళీ చూసుకోవాలా?

మాటలకు దాన్ని నమ్మొచ్చు, అంకెలకు నమ్మకూడదు. గూగుల్ లెన్స్ లాంటివి ఇంగ్లీషు వాక్యాలను బాగానే పట్టుకుంటాయి. ఒక అక్షరం తప్పు పడినా మనకు తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ మాటకు అర్థం ఉండదు. అంకె తప్పు పడితే అలా తెలియదు. 3 బదులు 8, 1 బదులు 7, 0 బదులు 6 పడినా ఆ సంఖ్య చక్కగా సంఖ్యలాగే ఉంటుంది. అందుకని ప్రతి తేదీ, ప్రతి మొత్తం ఫొటో పెద్దది చేసి కంటితో సరిచూడాలి.

మొత్తం సరిచూడటానికి ఒక మంచి దారి ఉంది. ఇలాంటి నోటీసుల్లో సొమ్మును అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయడం అలవాటు. ₹14,86,320 అని చదివారనుకోండి, పక్కన అక్షరాల్లో ఎనభై ఆరు వేలా, ఎనభై వేలా చూడండి. రెండూ కలవకపోతే తప్పు మీ చదువులోనైనా ఉండాలి, నోటీసులోనైనా ఉండాలి. నోటీసులోనే ఉంటే దాన్ని మీరు సరిదిద్దవద్దు. రెండు మొత్తాలూ రాసి, తేడా ఉందని చెప్పండి. అది అభ్యంతర పత్రంలో పనికొచ్చే విషయం.

పేజీలు ఎక్కువ ఉన్నాయి, కంప్యూటర్లో ఒకేసారి తీయడం ఎలా?

టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాంతో తీయొచ్చు. ఇంగ్లీషు, తెలుగు భాషల ఫైళ్లు రెండూ వేసుకుని ఉంటే ఒక పేజీకి ఇలా ఇవ్వాలి:

```
tesseract page2.jpg page2 -l eng+tel --psm 6
```

`page2.txt` అనే ఫైలు వస్తుంది. పేజీని ఒకే దిమ్మెగా చదవమని చెప్పేది `--psm 6`. సొమ్ము వివరాలు పట్టికలో ఉంటే గీతల దగ్గర వరుసలు కలిసిపోయి అసలు అంకె వడ్డీ పక్కకు, వడ్డీ అంకె మొత్తం పక్కకు జరగవచ్చు. పట్టిక వరకు చేత్తో టైపు చేసుకోవడమే మేలు.

ఎంత చూసినా ఒక అంకె కనపడటం లేదు. ఊహించి రాయొచ్చా?

వద్దు. "రెండో పేజీ, మూడో పేరాలో తేదీ సరిగా కనపడలేదు, 11 కావచ్చు 17 కావచ్చు" అని సారాంశంలోనే రాసి, అసలు కాగితం చూసి చెప్పమనండి. కాగితం ఇంట్లోనే ఉంది కదా, అడిగితే నిమిషంలో తేలుతుంది. గడువు లెక్క దాని మీదే ఆధారపడి ఉంటే, తేలేదాకా రెండింట్లో ముందు వచ్చే తేదీనే గడువుగా పెట్టుకోండి.

## ఏం నోటీసో గుర్తుపట్టేటప్పుడు

అన్నీ ఒకేలా ఉంటున్నాయి. ఇది ఏ నోటీసో ఎలా తెలుస్తుంది?

పైన విషయం అన్న చోట, లేదా మొదటి పేరాలో సెక్షన్ నంబరు ఉంటుంది. దాన్నిబట్టి మూడు రకాలుగా పోల్చుకోవచ్చు. 13(2) అని ఉంటే అది డిమాండు నోటీసు, అరవై రోజుల్లో బాకీ తీర్చమని అడుగుతుంది. 13(4) అని, పొసెషన్ నోటీస్ అని ఉంటే ఆస్తిని స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటన. దాన్ని గోడకో గేటుకో అంటిస్తారు, రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. సేల్ నోటీస్ అని ఉండి రిజర్వు ధర, వేలం తేదీ ఉంటే అది అమ్మకం నోటీసు. దానికీ అమ్మకానికీ మధ్య మొదటిసారి వేలమైతే ముప్పై రోజులు ఇవ్వాలి.

సెక్షన్ నంబరే లేకుండా బ్యాంకు లాయరు లెటర్‌హెడ్ మీద వచ్చిందనుకోండి, అది అప్పు మొత్తం వెనక్కి అడిగే మామూలు లాయరు నోటీసు కావచ్చు. దానికి ఈ అరవై రోజుల లెక్క వర్తించదు. ఆ కాగితంలో ఎంత గడువు రాశారో అదే రాయండి.

మా నాన్న ఇల్లు పోయినట్టేనని ఏడుస్తున్నారు. డిమాండు నోటీసు వస్తే ఇల్లు పోయినట్టేనా?

కాదు. సారాంశం మొదట్లోనే ఇది రాయండి: "ఇల్లు ఈ రోజుకు మనదే, మన స్వాధీనంలోనే ఉంది." డిమాండు నోటీసు గడువు అరవై రోజులు పూర్తి కాకుండా బ్యాంకు స్వాధీనానికి రావడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా ముందు స్వాధీన నోటీసు, ఆ పైన అమ్మకం నోటీసు ఇవ్వాలి. ఇంట్లోవాళ్లు ఖాళీ చేయకపోతే జిల్లా మేజిస్ట్రేటు ద్వారానో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ద్వారానో సెక్షన్ 14 కింద సాయం తీసుకుంటుంది.

ధైర్యం చెప్పాలని గడువును మాత్రం మెత్తబరచవద్దు. "ఏం కాదులే, ఇలాంటివి అందరికీ వస్తాయి" అన్న మాట సారాంశంలో ఉండకూడదు. ఆ మాట విని కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టేస్తారు.

## తేదీల దగ్గర

నోటీసు నిండా తేదీలే. వాటిలో ఏది ముఖ్యం?

ఏ తేదీ దేనిదో ముందు వేరు చేస్తే సగం పని అయిపోతుంది. ఉదాహరణ నోటీసులో ఇవి ఉన్నాయి: 12-08-2019 రుణ ఒప్పందం, 28-04-2025 ఖాతా ఎన్‌పీఏగా, అంటే మొండి బాకీగా మారిన రోజు, 30-04-2025 సొమ్ము లెక్క కట్టిన రోజు, 06-05-2025 నోటీసు తేదీ. కవరు మీద ఇంకో రెండు: 09-05-2025 పోస్టు చేసిన రోజు, 14-05-2025 అందిన రోజు.

వీటిలో గడువుకు మూలం 06-05-2025 ఒక్కటే. 30-04-2025 సొమ్ముకు సంబంధించినది. 28-04-2025 కూడా పనికొస్తుంది, ఎందుకంటే కిస్తీ తొంభై రోజులు బాకీ పడితేనే ఖాతాను ఎన్‌పీఏ అంటారు. జనవరి 28న కట్టాల్సిన కిస్తీ ఆగితే ఏప్రిల్ 28కి తొంభై రోజులు నిండుతాయి, కాబట్టి ఇక్కడ లెక్క కుదిరింది. పాస్‌బుక్కులో ఫిబ్రవరిలో జమ కనపడితే ఆ తేదీ మీద అభ్యంతరం చెప్పే వీలుంటుంది. అందుకని సారాంశంలో ప్రతి తేదీ పక్కన అది దేనిదో రెండు మాటల్లో రాయండి. ఉత్త తేదీల జాబితా ఎవరికీ ఉపయోగపడదు.

అరవై రోజులు నోటీసు తేదీ నుంచా, మాకు అందిన రోజు నుంచా?

చట్టంలో ఉన్న మాట నోటీసు తేదీ నుంచి అరవై రోజుల్లోపు అని. ఎక్కువమంది అందిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటారు, చిక్కంతా అక్కడే వస్తుంది. లెక్క చేసి చూడండి. 06-05-2025ను వదిలేసి మర్నాటి నుంచి ఎంచితే మేలో 25 రోజులు, జూన్‌లో 30, జూలైలో 5. గడువు 05-07-2025, శనివారం. మొదటి శనివారం కాబట్టి బ్యాంకు తెరిచే ఉంటుంది. అదే అందిన 14-05-2025 నుంచి ఎంచితే 13-07-2025 వస్తుంది. అప్పటికి ఎనిమిది రోజులు దాటిపోయినట్టు, పైగా ఆ రోజు ఆదివారం.

సారాంశంలో గడువుగా 05-07-2025 రాయండి. దాని కింద "అందినది 14-05-2025న, కవరు ఉంది" అని వేరే వరుసలో పెట్టండి. నోటీసు మరీ ఆలస్యంగా అందితే దాన్ని ఎలా వాడుకోవాలో లాయరు చూసుకుంటారు. మనం మాత్రం ముందు వచ్చే తేదీకే సిద్ధంగా ఉండాలి.

06/05/2025 అంటే మే ఆరా, జూన్ అయిదా?

మన బ్యాంకుల కాగితాల్లో ముందు రోజు, తర్వాత నెల రాస్తారు. కాబట్టి మే 6. అయినా అదే నోటీసులో 28-04-2025 లాంటి తేదీ ఇంకోటి ఉందేమో చూడండి. 28వ నెల అంటూ ఉండదు కాబట్టి వరుస ఏదో తేలిపోతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఈ పని చేస్తుంటే ఇది మరీ చూసుకోవాలి, వాళ్ల చేయి నెలను ముందు రాయడానికి అలవాటు పడి ఉంటుంది. సారాంశంలో నెల పేరు అక్షరాల్లో రాయండి: "2025 జూలై 5, శనివారం". వారం పేరు కూడా రాస్తే పెద్దవాళ్లకు బాగా గుర్తుంటుంది.

## సొమ్ము, షరతుల దగ్గర

నోటీసులో వేసిన మొత్తం కట్టేస్తే అయిపోతుందా?

ఆ మొత్తం ఒక రోజు నాటి లెక్క. ఉదాహరణలో ₹14,86,320 అన్నది 30-04-2025 నాటిది. దాని వెంటనే "01-05-2025 నుంచి ఒప్పందం ప్రకారం వడ్డీ, ఖర్చులు అదనం" అన్న అర్థంలో ఒక ముక్క ఉంటుంది. ఫర్దర్ ఇంటరెస్ట్ అన్న మాట కోసం వెతకండి. సారాంశం రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది దీన్నే. అది పోతే చదివినవాళ్లు సరిగ్గా ఆ మొత్తానికి చెక్కు పట్టుకుని వెళ్లి, ఇంకా బాకీ ఉందన్న మాట విని తిరిగొస్తారు. "₹14,86,320, దీని మీద మే 1 నుంచి కట్టే రోజుదాకా వడ్డీ, ఖర్చులు. కట్టే రోజుకు సరైన మొత్తం బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి" అని రాయండి.

ఆగిన కిస్తీలు కట్టేస్తే చాలదా? మొత్తం అప్పు ఎక్కడినుంచి తెస్తాం?

నోటీసు అడిగేది మొత్తం అప్పునే, కాబట్టి సారాంశంలో అదే రాయాలి. దీనికి పక్కన ఒక సంగతి ఉంది. అసలు, వడ్డీ బకాయిలన్నీ పూర్తిగా కట్టిన ఖాతాను తిరిగి మామూలు ఖాతాగా మార్చడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో చోటుంది. కొంత కడితే కుదరదు, బకాయి మొత్తం తీరాలి. ఆగిన కిస్తీలు తీర్చగలిగిన కుటుంబం వెంటనే బ్రాంచికి వెళ్లి, బకాయి ఎంతో, అది కడితే నోటీసు మీద ముందుకు వెళ్లకుండా ఉంటారో లేదో ఉత్తరం రాసి అడగాలి. నోటమాటగా సరేనంటే సరిపోదు. సారాంశంలో దీన్ని "నోటీసులో లేనిది, అడగాల్సింది" అన్న శీర్షిక కింద పెట్టండి. నోటీసే ఈ వెసులుబాటు ఇచ్చినట్టు రాయకూడదు.

ఇల్లు మేమే మంచి ధరకు అమ్మి అప్పు తీర్చుకుందామని అనుకుంటున్నాం. నోటీసు అడ్డమా?

నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తిని అమ్మడం గానీ, లీజుకు ఇవ్వడం గానీ, మరో రకంగా బదిలీ చేయడం గానీ కుదరదు. ఇది సెక్షన్ 13(13). నోటీసు చివర ఒకే ఒక వాక్యంగా ఉంటుంది, అందుకే కంటికి ఆనదు. కూతురికి గిఫ్టు దస్తావేజు రాద్దామనుకునేవాళ్లు, కింద వాటా లీజుకు ఇద్దామనుకునేవాళ్లు ఇది తెలియక చిక్కుల్లో పడతారు. దీన్ని సారాంశంలో "చేయకూడనివి" అని వేరుగా రాయండి. అమ్మి తీర్చాలనుకుంటే కొనేవాళ్ల వివరాలతో బ్యాంకును అనుమతి అడగవచ్చు, అది మంచి దారి కూడా. వేలంలో కన్నా మనం అమ్ముకుంటే మెరుగైన ధర వచ్చే అవకాశం ఎక్కువ.

నేను ష్యూరిటీ సంతకం మాత్రమే పెట్టాను. నాకూ అదే నోటీసు వచ్చిందేమిటి?

హామీదారు బాధ్యత అసలు రుణం తీసుకున్నవారితో సమానం, అందుకే పేరు వేసి పంపుతారు. మీ సారాంశంలో రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి: మొదటి పేజీలో మిమ్మల్ని ఏమని పేర్కొన్నారు, షెడ్యూలులో ఉన్న ఆస్తుల్లో మీది ఉందా. ఉత్త సంతకం వేరు, మీ ఇల్లో స్థలమో తనఖా పెట్టడం వేరు. షెడ్యూలులో "ఐటం 2" అంటూ రెండో ఆస్తి ఉందేమో హద్దులు చదివి చూసుకోండి.

షెడ్యూలులో మా పొలం ఉంది. దాన్ని కూడా ఇలా తీసుకోవచ్చా?

వ్యవసాయ భూమి మీద ఉన్న తనఖాకు ఈ చట్టం వర్తించదని సెక్షన్ 31 చెబుతుంది. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు లేదా గుంటలు కనపడితే సారాంశంలో అది ప్రత్యేకంగా రాయండి. కాకపోతే కాగితం మీద పొలమని ఉంటే సరిపోదు, నిజంగా సాగులో ఉందా, లేఅవుటు వేశారా అన్నది చూస్తారు. పాస్‌పుస్తకం, అడంగల్ లేదా పహాణీ నకళ్లు వెంటనే తీసి పెట్టుకోమని చెప్పండి.

కొన్నిచోట్ల "చేయవచ్చు" అని, కొన్నిచోట్ల "చేయాలి" అని ఉంది. తేడా ఉంచాలా?

ఉంచాలి. గడువులోపు బాకీ తీర్చాలి అన్నది మన మీద పెట్టిన విధి. తీర్చకపోతే బ్యాంకు స్వాధీనానికి రావచ్చు అన్నది బ్యాంకుకు ఉన్న అధికారం. "జూలై 6న ఇల్లు తీసేసుకుంటారు" అని రాస్తే అబద్ధం అవుతుంది. "జూలై 5 దాటాక ఎప్పుడైనా స్వాధీనానికి రావచ్చు" అంటే నోటీసు చెప్పింది చెప్పినట్టు.

## చేయాల్సిన పనుల దగ్గర

అభ్యంతరం చెప్పాలంటే ఎవరికి రాయాలి? బ్యాంకు జవాబు ఇవ్వాలా?

నోటీసు మీద సంతకం చేసిన అధీకృత అధికారికి, అందులో ఇచ్చిన చిరునామాకు రాయాలి. అది చాలాసార్లు మన బ్రాంచి కాకుండా ప్రాంతీయ కార్యాలయం అయి ఉంటుంది, చిరునామా సరిగ్గా చూడండి. అరవై రోజుల్లోపే చేరాలి. అందిన పదిహేను రోజుల్లో బ్యాంకు దాన్ని పరిశీలించి, ఒప్పుకోకపోతే కారణాలు తెలపాలని సెక్షన్ 13(3ఎ) చెబుతుంది. ఈ హక్కు గురించి నోటీసులో ఒక్క ముక్క కూడా లేకపోవచ్చు, అయినా ఉంటుంది. జమ కాని కిస్తీలు, తప్పు పడిన మొత్తం, తప్పు ఎన్‌పీఏ తేదీ వంటివి ఆధారాలతో రాయండి. బట్వాడా రుజువు దొరికే పోస్టులో పంపి రసీదు దాచండి.

బ్యాంకు కాదంటే వెంటనే కోర్టుకు వెళ్ళొచ్చా?

ఈ దశలో కాదు. అభ్యంతరాన్ని తిరస్కరించినంత మాత్రాన రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కు రాదు. స్వాధీన నోటీసు వంటి చర్య 13(4) కింద జరిగాక, ఆ చర్య జరిగిన రోజు నుంచి నలభై అయిదు రోజుల్లో సెక్షన్ 17 కింద దరఖాస్తు వేయాలి. డీఆర్‌టీలని పిలిచే ఈ ట్రైబ్యునళ్లు మన దగ్గర హైదరాబాదులో, విశాఖపట్నంలో ఉన్నాయి. ట్రైబ్యునల్ తేల్చాల్సిన ఈ విషయాలను సివిల్ కోర్టులు తీసుకోకుండా సెక్షన్ 34 అడ్డుపడుతుంది.

## సారాంశం రాసేటప్పుడు

చివరికి సారాంశం ఎలా కనపడాలి? ఒక నమూనా ఇస్తారా?

ఒక పేజీ దాటకూడదు. ఫోనులో పెద్ద అక్షరాలు పెట్టుకునేవాళ్లు చదువుతారు, చిన్న వాక్యాలు రాయండి. ఇప్పటిదాకా వాడిన ఉదాహరణకు నేనైతే ఇలా రాస్తాను:

> ఏమిటిది: ఇంటి రుణం మీద బ్యాంకు ఇచ్చిన డిమాండు నోటీసు, సెక్షన్ 13(2). ఇల్లు ఈ రోజుకు మనదే, మన స్వాధీనంలోనే ఉంది.
>
> ఎవరికి: నాన్న (రుణం తీసుకున్నవారు), అమ్మ (సహ రుణగ్రహీత), బాబాయి (హామీదారు, ఆయన ఆస్తి తనఖాలో లేదు).
>
> ఏ ఆస్తి: ఊళ్ళో ఇల్లు, 150 గజాలు. హద్దులు దస్తావేజుతో కలిశాయి. పొలం ఇందులో లేదు.
>
> ఎంత: ఏప్రిల్ 30 నాటికి ₹14,86,320. మే 1 నుంచి కట్టే రోజుదాకా వడ్డీ, ఖర్చులు అదనం.
>
> గడువు: 2025 జూలై 5, శనివారం. నోటీసు తేదీ మే 6 నుంచి 60 రోజులు. మనకు అందినది మే 14న, కవరు దాచాం.
>
> చేయకూడనివి: బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మడం, లీజుకు ఇవ్వడం, ఎవరి పేరనైనా రాయడం.
>
> చేయాల్సినవి: ఈ వారంలో ఖాతా స్టేట్‌మెంటు తీసుకోవాలి. మార్చిలో కట్టిన రూ. 15,000 జమ అయిందో లేదో చూడాలి. అభ్యంతరం ఉంటే జూన్ 10 లోపు ప్రాంతీయ కార్యాలయానికి పోస్టులో పంపాలి (ఈ తేదీ మనం పెట్టుకున్నది).
>
> గడువు దాటితే: బ్యాంకు స్వాధీన నోటీసు ఇవ్వవచ్చు.
>
> నోటీసులో లేనివి, అడగాల్సినవి: ఆగిన కిస్తీలు మొత్తం కడితే ఖాతా మామూలు అవుతుందా?
>
> కనపడనివి: మూడో పేజీలో వడ్డీ శాతం మడతలో పోయింది. కాగితం చూసి చెప్పాలి.

జూన్ 10 పక్కన "మనం పెట్టుకున్నది" అని రాయడం గమనించండి. నోటీసు చెప్పిన తేదీ, చట్టం చెప్పిన తేదీ, మన సౌకర్యానికి పెట్టుకున్న తేదీ ఒకేలా కనపడితే, రెండు వారాల తర్వాత ఏది దాటరానిదో ఎవరికీ గుర్తుండదు.

రాసింది సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సారాంశాన్ని పక్కన పెట్టుకుని నోటీసును మొదటినుంచి వాక్యం వాక్యం చదవండి. ప్రతి అంకె, ప్రతి తేదీ సారాంశంలో ఉందా, లేకపోతే కావాలనే వదిలేశారా చూసుకోండి. తర్వాత అమ్మకో నాన్నకో ఫోను చేసి, "ఎప్పటిలోగా ఏం చేయాలి, ఏం చేయకూడదు" అని వాళ్ల మాటల్లో చెప్పమనండి. జూలై 13 అన్నారంటే మీ వాక్యం మార్చాలి.

లాయరుకు ఇచ్చే డబ్బు లేదు. సారాంశంతోనే నెట్టుకురావచ్చా?

సారాంశం ఇంట్లోవాళ్లకు అర్థం కావడానికే, జవాబు రాయడానికి లాయరు చూపు కావాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం దొరుకుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అర్హత ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. వెళ్లేటప్పుడు సారాంశం ఒక్కటే కాకుండా అసలు నోటీసు, కవరు, ఖాతా స్టేట్‌మెంటు పట్టుకెళ్లాలి.

మళ్ళీ ఇంకో నోటీసు అంటించి వెళ్లారు. పాత సారాంశానికే రెండు వరుసలు కలిపితే చాలా?

వద్దు, కొత్తది రాయండి. గేటుకు అంటించింది స్వాధీన నోటీసైతే గడువు మారిపోతుంది, అరవై రోజుల లెక్కకు అక్కడితో పని అయిపోయింది. ఇప్పుడు ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి నలభై అయిదు రోజులు మొదలయ్యాయి. అంటించిన కాగితాన్ని పీకకుండా గేటుతో సహా ఫొటో తీయమనండి, ఫోనులో తేదీ సమయం నమోదవుతాయి. పత్రికలో వచ్చిన ప్రకటన పేజీ కూడా తీసి పెట్టుకోండి. బాకీ మొత్తం కట్టి ఆస్తి విడిపించుకునే వీలు చట్టం ప్రకారం వేలం ప్రకటన వెలువడేదాకానే. ఆ మాటను కొత్త సారాంశంలో గడువు వరుస కిందే రాయండి.